"లాస్ట్ ఎంత బ్రో?" అని అడిగిన తమ్ముడికి: నా ఐఫోన్ 13 రేటు 20 వేలకి ఎందుకు దిగదంటే

గత ఆదివారం నా సొంత ఐఫోన్ 13ని అమ్మకానికి పెట్టాను. 128 జీబీ మోడల్, ఒరిజినల్ బిల్లు ఉంది, బాక్స్ ఉంది, బ్యాటరీ హెల్త్ 84 శాతం, ఇంతవరకు ఒక్క పార్ట్ కూడా మార్చలేదు. అంచు మీద చిన్న గీత ఒకటి ఉంటే దాని ఫోటో కూడా పెట్టాను. రేటు 26,000. చెల్లెలికి ఇంజనీరింగ్ క్లాసులు మొదలయ్యేలోపు ల్యాప్‌టాప్ కొనాలి, ఆ డబ్బులో ఇదొక భాగం.

పావుగంటలో మొదటి మెసేజ్ వచ్చింది. "లాస్ట్ ఎంత బ్రో?" నేను 26 అన్నాను. "18కి ఇస్తే ఇప్పుడే వస్తా, క్యాష్ రెడీ." కాదన్నాను. అక్కడి నుంచి మూడు రోజుల్లో నలభైకి పైగా మెసేజ్‌లు. 18 కాస్తా 19 అయింది, 19 కాస్తా 20 అయి అక్కడ ఆగింది. చివరికి "20 ఫైనల్. ఇంతకన్నా ఎవరూ ఇవ్వరు, నీకే లాస్" అని ఒక వాయిస్ నోట్.

సెకండ్ హ్యాండ్ ఫోన్ అమ్మిన ప్రతి ఒక్కరికీ ఇలాంటి తమ్ముడు ఒకడు తగిలే ఉంటాడు. నిజం చెప్పాలంటే మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఆ తమ్ముడి ప్లేస్‌లో కూడా ఉన్నాం. అందుకే అతన్ని బ్లాక్ చేయకుండా పూర్తి జవాబు రాశాను. అదే ఇక్కడ పెడుతున్నాను.

తమ్ముడూ, ముందు ఈ 26 ఎక్కడి నుంచి వచ్చిందో చూడు

బేరం ఆడటం తప్పని నేను అనను. రైతుబజార్ నుంచి అబిడ్స్ జగదీశ్ మార్కెట్ దాకా బేరం ఆడుతూనే పెరిగాం. కానీ అక్కడ షాపువాడు బేరం కోసమే ముందుగా నాలుగు వేలు ఎక్కువ చెబుతాడు, మనం దాన్ని దించుతాం. నేను అలా ఎక్కువ చెప్పలేదు. ఎలా లెక్కేశానో నీ ముందు పెడతాను, తప్పుంటే చూపించు.

ముందు కింది గీత గీశాను. ఇదే ఫోన్‌ని పాత ఫోన్లు కొనే ఒక కంపెనీకి ఆన్‌లైన్‌లో చూపించాను. బ్యాటరీ, గీత, బిల్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెబితే 19,500 వచ్చింది. అంటే ఎవరితోనూ మాట్లాడకుండా, ఇంటికొచ్చి తీసుకెళ్లే వాడికి ఇస్తే నాకు ఖాయంగా వచ్చే డబ్బు అది.

తర్వాత పై గీత. ఇదే మోడల్, ఇదే స్టోరేజ్, దాదాపు ఇదే కండిషన్‌లో ఉన్న ఫోన్‌ని రీఫర్బిష్డ్ షాపులో అడిగితే ఆరు నెలల వారంటీతో 32,500 చెప్పారు. నువ్వు నా దగ్గర కొనకపోతే అక్కడ పెట్టాల్సింది అది.

ఈ రెండింటికీ మధ్య తేడా 13,000. ఆ డబ్బు ఊరికే ఎవరి జేబులోకీ పోదు. షాపువాడు ఫోన్ చెక్ చేయించాలి, పాడైన పార్ట్ మార్పించాలి, అద్దె కట్టాలి, జీఎస్‌టీ కట్టాలి, వారంటీలో తిరిగొచ్చిన ఫోన్ల నష్టం భరించాలి, ఆపైన తన లాభం చూసుకోవాలి. మనిద్దరం నేరుగా కలిస్తే ఆ పని మనమే చేసుకుంటాం కాబట్టి ఆ 13,000 మన మధ్య మిగులుతుంది. చెరి సగం అంటే 6,500. 19,500కి 6,500 కలిపినా 26,000, 32,500లోంచి 6,500 తీసేసినా 26,000. రేటు అలా వచ్చింది.

ఇప్పుడు నీ 20,000 చూడు. ఆ రేటుకి ఇస్తే నాకు కంపెనీ ఇచ్చేదానికన్నా 500 ఎక్కువ, నీకు షాపు రేటు కన్నా 12,500 తక్కువ. దీన్ని తిరగేసి, నేను 32,000 అడుగుతూ "షాపు కన్నా 500 తక్కువే కదా బ్రో, నీకే లాభం" అంటే నువ్వు కొంటావా? నవ్వి వెళ్లిపోతావు. నేనూ అదే చేస్తున్నాను, నవ్వకుండా.

"500 ఎక్కువే కదా, మరి ఎందుకు ఇవ్వవు?" అని నువ్వు అడగొచ్చు. ఆ 500 కోసం నేను ఏం చేయాలో చూడు. తెలియని మనిషిని మెట్రో స్టేషన్ దగ్గర కలవాలి. యూపీఐ పేమెంట్ నిజంగా పడిందా, చూపించింది నకిలీ స్క్రీన్‌షాటా అని నా బ్యాంక్ ఖాతాలో చెక్ చేసుకోవాలి. రాత్రి పదకొండుకి "అన్నా ఫోన్ వేడెక్కుతోంది" అని కాల్ వస్తే ఎత్తాలి. 500 ఆ పనికి కూలి కాదు. నేరుగా అమ్మే వాడికి ఆ కష్టానికి తగ్గది మిగలకపోతే, వాడు ఫోన్‌ని కంపెనీకే ఇచ్చేస్తాడు. అప్పుడు అదే ఫోన్ మళ్లీ నీకు 32,500కి కనిపిస్తుంది.

బ్యాటరీ డబ్బు రెండుసార్లు కోయకూడదు

నువ్వు గట్టిగా పట్టుకున్న పాయింట్ బ్యాటరీ. "84 అంటే అయిపోయినట్టే, మార్పించడానికి అయ్యే ఖర్చంతా తీసేయ్" అన్నావు. వినడానికి న్యాయంగానే ఉంటుంది కాబట్టి దీనికి కాస్త నిదానంగా జవాబు చెబుతాను.

ఐఫోన్ 14, అంతకు ముందు మోడళ్ల బ్యాటరీ 500 పూర్తి ఛార్జ్ సైకిల్స్ తర్వాత 80 శాతం కెపాసిటీ నిలబెట్టుకునేలా డిజైన్ చేశామని యాపిల్ చెబుతుంది. 80 కిందికి పడితే మార్చుకునే టైమ్ వచ్చిందని లెక్క. నాది 84. అంటే 100 నుంచి 80 దాకా ఉన్న 20 పాయింట్లలో 16 నేను వాడేశాను, 4 మిగిలాయి. కొన్ని నెలల్లో నువ్వు బ్యాటరీ మార్పించుకోవాల్సి రావచ్చు. ఇది నిజం, దాచను.

కానీ నేను చూసిన 19,500 గానీ, 26 వేల చుట్టూ అమ్ముడవుతున్న మిగతా ఐఫోన్ 13లు గానీ, వాటి బ్యాటరీలు కొత్తవా? కాదు. ఇన్నేళ్లు వాడిన ఫోన్‌లో ఒరిజినల్ బ్యాటరీ ఉంటే అది 80ల్లో ఉండటం మామూలే. కంపెనీ రేటు చెప్పేముందు బ్యాటరీ గురించి అడిగే చెప్పింది. అంటే పాత బ్యాటరీకి తగ్గాల్సింది ఆ రేటులోనే తగ్గిపోయింది. ఇప్పుడు నువ్వు అదే కారణం చూపించి ఇంకోసారి కోస్తే, ఒకే దెబ్బకి రెండు సార్లు ఫైన్ కట్టించినట్టు.

ఇంకోటి. నేను డబ్బు పెట్టి కొత్త ఒరిజినల్ బ్యాటరీ వేయించి అమ్మి ఉంటే, రేటు 26 ఉండేది కాదు. ఖర్చు తీసేయమంటూనే ఆ ఖర్చు పెట్టని ఫోన్ రేటు నుంచి మొదలుపెడుతున్నావు. లెక్క అక్కడ తప్పింది.

ఒకవేళ నేను 92 అని రాసి, నువ్వొచ్చి చూస్తే 84 కనిపిస్తే? అప్పుడు తగ్గించమనడం నీ హక్కు. చెప్పిన దానికీ ఉన్నదానికీ తేడా ఉంటే ఆ తేడాకి బేరం ఉంటుంది. ముందే చెప్పిన లోపానికి మళ్లీ బేరం ఉండదు.

"25 వేలకి కొత్త 5జీ ఫోనే వస్తుంది కదా"

వస్తుంది. పూర్తి వారంటీతో, కొత్త బ్యాటరీతో, నా ఫోన్ కన్నా చాలా స్పీడ్ ఛార్జింగ్‌తో, 120 హెర్ట్జ్ స్క్రీన్‌తో వస్తుంది. నా ఐఫోన్ 13 స్క్రీన్ 60 హెర్ట్జే. ఇదే సైట్‌లో అలాంటి ఫోన్లను కొనమని నేనే చాలాసార్లు రాశాను. నీ అవసరానికి అదే సరిపోతుంటే తప్పకుండా అదే కొను, నాకేం బాధ లేదు.

కానీ అది నా రేటు తగ్గించే వాదన కాదు. వేరే వస్తువు కొనుక్కోవడానికి కారణం, అంతే. నువ్వు ఇన్ని మెసేజ్‌లు పెట్టింది నా యాడ్‌కి అంటే, నీకు కావలసింది ఈ ఫోన్ వీడియో కెమెరానో, చేతిలో పట్టే సైజో, వెనకున్న ఆ లోగోనో. అందులో ఏదైనా తప్పు లేదు. కావలసిన వస్తువుని, అక్కర్లేని వస్తువు రేటుతో పోల్చి అడగొద్దు. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని పెద్దలు ఊరికే అనలేదు. నా ఫోన్ అమ్మేటప్పుడు పనికిరానిదై, నువ్వు కొన్నాక రీల్‌లో చూపించుకునేది ఎలా అవుతుంది?

20 వేలకి ఇస్తానన్న వాడి గురించి ఒక నిమిషం ఆలోచించు

ఇది నిజంగా నీ మంచికే చెబుతున్నాను. ఎందుకంటే నేను దెబ్బ తిన్నాను.

ఫైనల్ ఇయర్‌లో ఉన్నప్పుడు నేనూ నీలాగే గీసి గీసి బేరం ఆడేవాణ్ణి. ఒక ఫోన్ కోసం నలుగురు అమ్మేవాళ్లతో మాట్లాడాను. అందరికీ మార్కెట్ రేటులో ఒక పాతిక శాతం కోసి చెప్పాను. ముగ్గురు జవాబివ్వడం మానేశారు. నాలుగోవాడు పెద్దగా వాదించకుండా ఒప్పుకున్నాడు. గెలిచాననుకున్నాను. రెండు వారాలకి స్క్రీన్ మీద ఒక పక్క టచ్ పని చేయలేదు. విప్పి చూస్తే డిస్‌ప్లే ఒరిజినల్ కాదు, లోపల నీళ్లు వెళ్లిన మరకలు. మిగిలించిన డబ్బు కన్నా రిపేర్ ఖర్చు ఎక్కువైంది.

అప్పుడు అర్థమైంది ఇది. ఫోన్ గురించి అమ్మేవాడికి అంతా తెలుసు, కొనేవాడికి కొంచెమే తెలుసు. మంచి ఫోన్ ఉన్నవాడికి తన ఫోన్ విలువ తెలుసు కాబట్టి మరీ తక్కువ రేటు వినగానే తప్పుకుంటాడు. లోపం దాచినవాడికి మాత్రం ఆ తక్కువ రేటు కూడా లాభమే, కాబట్టి వాడు ఒప్పుకుంటాడు. ఎంత గట్టిగా బేరం ఆడితే, నీ ముందు మిగిలేవాళ్లలో అంత ఎక్కువమంది ఆ రెండో రకం. జార్జ్ అకెర్లాఫ్ అనే ఎకనామిస్ట్ 1970లో పాత కార్ల మార్కెట్‌ని ఉదాహరణగా తీసుకుని సరిగ్గా ఈ విషయమే రాశాడు. 2001లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు. మనకి అర్థం కావడానికి నోబెల్ అక్కర్లేదు, ఒక చెడ్డ ఫోన్ చాలు.

26 వేలు పలికే ఐఫోన్ 13ని ఒకడు మారుమాట లేకుండా 18కో 20కో ఇస్తున్నాడంటే కారణం ఉంటుంది. పార్ట్స్ మార్చి ఉండొచ్చు. బిల్లు లేకపోవచ్చు. పాత ఓనర్ యాపిల్ అకౌంట్ తీయకుండా ఉండొచ్చు, అప్పుడు రీసెట్ చేసినా పాస్‌వర్డ్ అడుగుతుంది, ఫోన్ పేపర్‌వెయిట్‌గా మిగులుతుంది. అన్నిటికన్నా చెడ్డది, దొంగిలించిన ఫోన్ అయి ఉండొచ్చు.

బేరం కాదు, చెకింగ్ గట్టిగా చెయ్

నీ దగ్గరున్న ఆ పట్టుదలని రేటు మీద కాకుండా ఫోన్ మీద పెట్టు. నా ఫోన్‌తోనే మొదలుపెట్టు. పది నిమిషాల పని.

ముందు `*#06#` డయల్ చెయ్. ఐఎంఈఐ నంబర్లు కనిపిస్తాయి. అవి బిల్లు మీద, బాక్స్ మీద ఉన్న వాటితో కలవాలి. తర్వాత నీ ఫోన్ నుంచి `KYM` అని టైప్ చేసి, ఒక స్పేస్ ఇచ్చి, ఆ 15 అంకెల నంబర్ రాసి `14422`కి ఎస్ఎంఎస్ పంపు. సంచార్ సాథీ యాప్‌లో కూడా చూసుకోవచ్చు. బ్లాక్‌లిస్ట్‌లో ఉన్నట్టో, డూప్లికేట్ అనో వస్తే ఎంత చవకైనా తీసుకోవద్దు. బ్లాక్ అయిన ఐఎంఈఐతో ఏ సిమ్ వేసినా నెట్‌వర్క్ రాదు.

రెండోది, `Settings > General > About` తెరువు. ఐఫోన్ 13లో స్క్రీన్, బ్యాటరీ, కెమెరా లాంటివి మార్చి ఉంటే అక్కడ `Parts and Service History` అని ఒక భాగం కనిపిస్తుంది. ఒరిజినల్ కాని పార్ట్ పక్కన `Unknown Part` అని ఉంటుంది. ఏమీ మార్చకపోతే ఆ భాగమే ఉండదు. నా ఫోన్‌లో లేదు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో `True Tone` ఉందో లేదో కూడా చూడు, అది మాయమైతే స్క్రీన్ మార్చారేమోనని అనుమానించాలి.

మూడోది, నేను నా యాపిల్ అకౌంట్ నుంచి సైన్ అవుట్ అయి, ఫోన్‌ని నీ ముందే రీసెట్ చేస్తాను. నీ అకౌంట్‌తో పూర్తిగా ఆన్ అయ్యాకే డబ్బు ఇవ్వు. ఫేస్ ఐడీ నీ ముఖంతో సెట్ చెయ్, ఒక కాల్ మాట్లాడు, ఒక వీడియో తీసి విను.

వీటిలో ఎక్కడ తేడా కనిపించినా రేటు తగ్గించమని అడుగు, వాదించను. తేడా పెద్దదైతే కొనకు.

నీకు ఒక పాయింట్ ఇస్తున్నాను

నలభై మెసేజ్‌లలో ఒక్కటి మాత్రం నన్ను ఆపింది. "ఇయర్‌పీస్ సౌండ్ ఎలా ఉంది?" అని అడిగావు. మిగతా ఎవరూ అడగలేదు. నేను ఎప్పుడూ బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వాడతాను కాబట్టి గమనించనే లేదు. నీ మెసేజ్ చూశాక ఫోన్ చెవి దగ్గర పెట్టి మాట్లాడితే నిజంగానే సౌండ్ తక్కువగా ఉంది. మా వీధి చివర రిపేర్ షాపులో చూపిస్తే జాలీలో దుమ్ము చేరిందని, క్లీనింగ్‌కి 500 అవుతుందని చెప్పాడు.

ఆ 500 నా రేటులోంచి తీసేశాను. ఇప్పుడు రేటు 25,500. ఇది నీ "ఫైనల్" అన్న మాటకి తగ్గింది కాదు, నువ్వు అడిగిన ఒక మంచి ప్రశ్నకి తగ్గింది. నాకు తెలియని లోపం చూపించావు, దానికి లెక్క ప్రకారం డబ్బు తగ్గింది. అసలైన బేరం అంటే నా దృష్టిలో ఇదే.

ఇంకో విషయంలో కూడా నీ వైపు న్యాయం ఉంది. షాపువాడు ఆరు నెలల వారంటీ ఇస్తాడు, నేను ఇవ్వలేను. తేడాని చెరి సగం అన్నాను గానీ, కొన్నాక ఏదైనా అయితే ఆ రిస్క్ మొత్తం నీదే. అందుకని మూడు రోజులు టైమ్ ఇస్తాను. నేను చెప్పని లోపం ఏదైనా ఆ మూడు రోజుల్లో బయటపడితే ఫోన్ తెచ్చివ్వు, డబ్బు మొత్తం తిరిగి ఇస్తాను. కింద పడేసి పగలగొడితే మాత్రం కాదు.

ఒక్క పని మాత్రం చేయకు. మెసేజ్‌లో 25,500కి ఒప్పుకుని, నేను సెలవు పెట్టుకుని వచ్చాక, ఫోన్ చేతిలో పట్టుకుని "అన్నా జేబులో 22 మాత్రమే ఉన్నాయి" అనొద్దు. ఇంతదూరం వచ్చాడు కదా ఇచ్చేస్తాడులే అన్న లెక్క అది. నేను ఇవ్వను. ఫోన్ జేబులో పెట్టుకుని, టీ తాగి, ఇంటికెళ్లిపోతాను.

శనివారం సాయంత్రం దాకా నీ కోసం ఆపుతాను. ఈలోపు 25,500 కుదిరితే మెసేజ్ పెట్టు. కుదరకపోతే కూడా "కుదరదు అన్నా" అని ఒక్క ముక్క చెప్పు, యాడ్ చూసి అడిగిన ఇంకో ఇద్దరున్నారు. ఎవరూ రాకపోతే ఆదివారం పొద్దున కంపెనీవాడు వచ్చి 19,500 ఇచ్చి తీసుకెళ్తాడు. నాకు 6,000 పోతుంది, చెల్లెలి ల్యాప్‌టాప్‌కి ఇంకో నెల ఆగాలి. నీకు ఇదే ఫోన్ కావాలంటే మాత్రం తర్వాత షాపులో 32,500కి దొరుకుతుంది.